గృహప్రవేశం వీడియోలో ఆవు పలుపు

మీ ఫోనుకు చివరిసారి వచ్చిన గృహప్రవేశం వీడియోలో ఆ ఇల్లు కట్టిన మనిషి ఎవరో మీరు చెప్పగలరా? తేదీ గుర్తుండవచ్చు. ఆవూ దూడా గుర్తుండవచ్చు. పొంగిన పాలు తప్పకుండా గుర్తుంటాయి. జీతంలో మిగిల్చి, ఇసుక లారీ కోసం సెలవు పెట్టి, మేస్త్రీతో పోట్లాడి గోడ లేపిన మనిషి ఎవరు? నన్ను అడిగి ఉంటే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. నా చెల్లెలు ఫోన్ చేసేదాకా ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

నా చెల్లెలు ఏర్పేడు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. చూసినవాళ్ళు నచ్చలేదు, ఆ తర్వాత చూడటం మానేసింది. అమ్మ ఆమెతోనే ఉంటుంది. స్కూలుకు దగ్గరలో స్థలం కొని, తన సంపాదనతో ఇల్లు కట్టుకుంది. చిన్న ఇల్లే, పైన మాత్రం విశాలమైన మిద్దె.

“చిన్నన్నా, గృహప్రవేశానికి వీడియో చేయించాల. ఫోన్లో పంపేది. దానికి మాటలు రాసియ్యి” అంది.

“నేనా? ముహూర్తాలు వద్దని ఇన్నేళ్ళు వ్యాసాలు రాసినోణ్ణి గృహప్రవేశానికి పత్రిక రాయమంటావా?”

“నీ ఇల్లు కట్టుకున్నప్పుడు రాహుకాలంలో పో. నేనొచ్చి చప్పట్లు కొడతా. ఇది నా ఇల్లు. అమ్మకి ముహూర్తం కావాల, పెట్టించినా. నీకేం నొప్పి?”

నాకేం నొప్పి లేదని ఒప్పుకున్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది.

“పెద్దన్న పత్రికలో పేర్లు ఎట్ల ఉండాలనో చెప్పినాడు. పైన వాళ్ళ దంపతుల పేర్లు. కింద ‘మరియు సోదరి’ అని నాది. పూజలో కూడా వాళ్ళిద్దరూ కూర్చుంటారంట. పెళ్ళి కానిదాన్ని, నేను కూర్చుంటే పురోహితుడు ఒప్పుకోడంట. నేను ఎవరితోనూ గొడవ పెట్టుకోను. కానీ నా ఇంటి పత్రికలో నా పేరు ‘మరియు’ తర్వాత రావడం నాకిష్టం లేదు. గొడవ లేకుండా అది అయ్యేట్టు రాయి.”

మా పెద్దన్నది పాకాలలో బెల్లం వ్యాపారం. నాయన పోయినప్పటి నుంచి ఇంటి శుభకార్యాలన్నిటికీ పెద్దన్న పేరుతోనే పిలుపులు పోతాయి. చెడ్డవాడు కాడు. చెల్లెలి ఇంటికి తలుపుల కలప ఆయనే నిలబడి కోయించాడు.

నాకు ముందు ఆసక్తి పుట్టింది, కోపం తర్వాత వచ్చింది. వాదానికి దిగే ముందు సాక్ష్యం చూడాలని నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, నా ఫోన్లో మిగిలి ఉన్న గృహప్రవేశం వీడియోలన్నీ తీసి వరసగా చూశాను. చూస్తుంటే వింతగా అనిపించింది. వేరు వేరు కుటుంబాలు, వేరు వేరు ఊళ్ళు. చిత్తూరు వాళ్ళవి, రేణిగుంట వాళ్ళవి, తమిళం కలిసిన పలమనేరు బంధువులవి. అన్నిట్లో ఆవు మాత్రం ఒకటే. తెల్లటి ఆవు, నుదుట బొట్టు, మెడలో గంట, ఒకే పక్కకు తల ఊపుతుంది. ఇల్లు కూడా ఒకటే. ఎర్ర పెంకుల వాలు కప్పు, ముందు పచ్చగడ్డి మైదానం. అట్లాంటి ఇల్లు మా జిల్లాలో ఎవరూ కట్టగా నేను చూడలేదు. ఆ ఇంటి ముందు పట్టుపంచెలో ఒక మగవాడు, పట్టుచీరలో అతని భార్య. అతని చేతిలో ఆవు పలుపు, ఆమె చేతిలో పాలగిన్నె. ఇద్దరూ గడప మీద కుడికాలు పెడతారు. తర్వాత అక్షరాలు.

ఈ జంటను ఎవరు గీశారు? ఎవరిని చూసి గీశారు? ఏ పురాణంలోనూ లేని ఈ మనిషి మన ఇళ్ళన్నిటికీ యజమాని ఎట్లా అయ్యాడు? ఆ ప్రశ్నలు జేబులో పెట్టుకుని, రాసిన మాటలు తీసుకుని, తిరుపతిలో వీడియోలు చేసే దుకాణానికి పోయాను.

అది రైల్వే స్టేషన్ వెనక వీధిలో, మెట్లెక్కి పోతే ఒక గది. రెండు కంప్యూటర్లు. నడిపేది ఒక పాతికేళ్ళ అమ్మాయి. పెళ్ళిళ్ళు, సీమంతాలు, చెవి కుట్టే ఫంక్షన్లు అన్నీ చేస్తుంది. నా కాగితం తీసుకుని చదివింది. చదువుతూనే ఉంది.

“సార్, దీన్ని స్టేజీ ఎక్కి చదవండి, బాగుంటాది” అంది.

“ఎందుకు?”

“ఇల్లు అంటే ఏందో చెప్పినారు. శ్రమ అంటే ఏందో చెప్పినారు. స్త్రీ ఆస్తి హక్కు కూడా చెప్పినారు. ఎప్పుడు రావాలనో మాత్రం చెప్పలా.”

కాగితం వెనక్కి తీసుకుని చూశాను. నిజమే, తేదీ లేదు.

ఆమె తన పద్ధతి చెప్పింది. వీడియో నిలువుగా ఉండాలి, ఫోన్ పట్టుకున్నట్టే. నిమిషం లోపే ముగియాలి, లేకపోతే సగంలో మూసేస్తారు. ఒక బొమ్మ కదిలేటప్పుడు దాని పక్కన రెండు వరసల కంటే ఎక్కువ అక్షరాలుంటే కన్ను బొమ్మనూ చూడదు, అక్షరాలనూ చదవదు. తేదీ పెద్దది, తిథి దాని కింద చిన్నది. ముహూర్తం వేరే, భోజనం వేరే వేయాలి. లేకపోతే తెల్లవారుజామున ముహూర్తానికి ఎవరూ రారు, మధ్యాహ్నం భోజనానికి రావచ్చో లేదో ఎవరికీ తెలియదు. దారి చూపే లింకు వీడియోలో పెడితే నొక్కినా పని చేయదు, అందుకే దాన్ని వీడియో కింద మెసేజీలో విడిగా పంపాలి. వీడియోలో మాత్రం ఊరి పేరు, నలుగురికీ తెలిసిన ఒక గుర్తు.

“ఇంకొకటి సార్. చేసినాక సౌండు తీసేసి చూడాల. బస్సులో చూస్తారు, ఆఫీసులో చూస్తారు, ఎవరూ సౌండు పెట్టరు. సన్నాయి లేకుండా, చెప్పే గొంతు లేకుండా అర్థమయితేనే అది పత్రిక.”

“మరి ఆ జంట?” అని అడిగాను. “ఈ ఇంటికి యజమానురాలు ఒక్కతే. ఆ మగమనిషిని తీసేయొచ్చా?”

“తీసేయొచ్చు సార్. నొక్కితే పోతాడు.”

నొక్కింది. పోయాడు. ఇద్దరం తెర కేసి చూసి నవ్వాం. అతనితో పాటు గడప కూడా పోయింది. ఆ బొమ్మ తయారుచేసిన వాళ్ళు అతన్నీ గడపనూ ఒకే ముక్కగా గీశారట. ఆ స్త్రీ గాలిలో కాలు పెట్టి నిలబడి ఉంది. ఆవు పలుపు అతని చేయి ఉండే చోట ఎవరూ పట్టుకోకుండా వేలాడుతోంది. ఆవు మాత్రం ఏమీ జరగనట్టు తల ఊపుతోంది.

“ఇట్ల ఇంతవరకూ ఎవరూ అడగలేదా?”

“అడిగినారు సార్. భర్త పోయినామె ఒకరు అడిగినారు. జంటని మొత్తం తీసేసి వినాయకుణ్ణి పెట్టేసినా. అందరికీ సరిపోతాది గదా.” మళ్ళీ తనే అంది, “ఈమెకీ అట్లే పెట్టమంటే పెడతా. సులువు.”

నేను వద్దన్నాను. మనిషి ఉండాల్సిన చోట దేవుణ్ణి పెట్టి సర్దేయడం గురించి నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ఆ అమ్మాయికి అవి చెప్పడం మొదలుపెట్టాను కూడా. ఆమె విన్నది, వింటూ ఇంకో కంప్యూటర్‌లో ఎవరిదో సీమంతం వీడియో పూర్తి చేసుకుంది. చివరికి అంది:

“సరే సార్. కొత్తగా గీస్తా. చెయ్యి గీయాల, గడప గీయాల. కానీ పలుపు ఎవరి చేతిలో పెట్టాలనో మీరింట్లో తేల్చుకుని రండి. నేను గీసినాక మార్చమంటే నా వల్ల కాదు.”

ఇంట్లో తేల్చడమంటే పెద్దన్నతో తేల్చడం. ఆయన ఏం చెబుతాడో నాకు తెలుసు, శాస్త్రం ఒప్పుకోదంటాడు. అందుకని ముందు శాస్త్రం దగ్గరికే పోదామని పురోహితుణ్ణి వెతుక్కుంటూ ఏర్పేడు పోయాను. వాదించడానికి తయారై పోయాను. ఆయన కూరగాయల సంచీ చేతిలో పట్టుకుని ఇంట్లోకి వెళ్తూ గుమ్మంలో దొరికాడు.

“పెళ్ళి కాని ఆడమనిషి తన ఇంటికి తాను పూజ చేసుకోకూడదని ఎక్కడుంది?” అని అడిగాను.

“ఎవరన్నారు?” అన్నాడు.

“మీరే అన్నారట గదా.”

“నేనెప్పుడన్నానప్పా? మీ అన్న ఫోన్ చేసి ‘నేనూ నా భార్యా కూర్చుంటాం సామీ’ అన్నాడు. కూర్చోండి అన్నా. ఆ పిల్ల కూర్చుంటాదని ఎవరూ నాతో అనలా. పేరు, గోత్రం చెప్తే సంకల్పం చేయిస్తా. పెళ్ళి కాలేదు గదా, మీ నాయన గోత్రమే.” సంచీలోంచి జారిన వంకాయను ఎత్తి లోపల వేసుకున్నాడు. “మా వాళ్ళలో ఒప్పుకోనోళ్ళు ఉండారు. నేను ఒప్పుకుంటా. నువ్వు పోట్లాటకి వచ్చినట్టుండావే?”

కొంచెం నిరాశగానే వెనక్కి వచ్చాను. దారిలో ఆలోచిస్తే ఇంకా వింతగా తోచింది. పెద్దన్న పురోహితుడి మీద పెట్టాడు. పురోహితుడు పెద్దన్న చెప్పాడన్నాడు. దుకాణం అమ్మాయి దొరికిన బొమ్మ వాడింది. బొమ్మ గీసినవాడు ఎక్కడో కూర్చుని, అందరూ ఇట్లాగే చేస్తారనుకుని గీశాడు. నిర్ణయం తీసుకున్న మనిషి ఎక్కడా దొరకలేదు.

ఈ సంగతి పెద్దన్నకు చెప్పాలని ఫోన్ తీసేసరికి కుటుంబం గ్రూపులో ఆయన పంపిన వీడియో కనిపించింది. ‘మీరు తేల్చేలోపు ముహూర్తం దాటిపోతాది. పాకాలలో చేయించినా. మండీవాళ్ళకీ పంపినా. అందరూ తప్పక రావలెను’ అని కింద రాశాడు.

తెరిచాను. ఎర్ర పెంకుల ఇల్లు. తెల్లావు. పట్టుపంచె, పట్టుచీర. పెద్దన్న దంపతుల పేర్లు బంగారు రంగులో తిరుగుతూ వచ్చి నిలబడ్డాయి. ‘మరియు సోదరి’ అన్నది అడుగున, వెనకాల గడ్డి మైదానం పచ్చదనంలో కలిసిపోయి ఉంది. వెతికితే తప్ప దొరకలేదు.

చెల్లెలికి ఫోన్ చేశాను. చూశానంది. గొంతు మామూలుగానే ఉంది, అదే నాకు నచ్చలేదు.

“గ్రూపులో ఇప్పుడే రాస్తా, నాలుగు మాటలు గట్టిగా” అన్నాను.

“రాయొద్దు. నువ్వు నాలుగు మాటలు రాస్తే వాళ్ళు నలభై రాస్తారు. నా ఇల్లు పోయి మీ ఇద్దరి తగువు మిగుల్తాది.”

“మరేం చేద్దామంటావు?”

“నాకు తెలీదు చిన్నన్నా. ఆ అమ్మాయికి చెప్పి నాది ఆపేయమను. ఒక ఇంటికి రెండు పత్రికలు నవ్వులాటగా ఉంటాది. ఆ అమ్మాయి అన్నట్టు వినాయకుణ్ణి పెట్టినా పోయేది.” తర్వాత అంది, “గోడకి నీళ్ళు పట్టడానికి రోజూ స్కూలుకి ముందు పోయేదాన్ని. ఆ బొమ్మలో ఆ పిల్ల ఎంత శుభ్రంగా ఉండాదో చూసినావా? చీర మడత కూడా నలగలా.”

నేను దుకాణానికి ఫోన్ చేసి ఆపమని చెప్పలేదు. మర్నాడు పాకాల రైలెక్కాను.

మండీలో పెద్దన్న బెల్లం దిమ్మల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి మాట్లాడటం ఆయన అలవాటు.

“ఏమప్పా, ఏర్పేడు దాకా పోయి ఇల్లు కట్టేసినావే! ఒక్క మాట చెప్పలేదే మాకు!” అవతల చిత్తూరు నుంచి ఒక బెల్లం వ్యాపారి.

“నాది కాదప్పా. మా చెల్లెలిది.”

“ఊరుకో, పత్రికలో నీ పేరే ఉండాదే. ఏం, దిష్టి పెడతామనా?”

పెద్దన్న నవ్వి పెట్టేశాడు. కూర్చోమని నాకు సైగ చేశాడో లేదో మళ్ళీ ఫోన్. ఈసారి వదిన వైపు బంధువు.

“బావా, వ్యాపారం మానేసినాక ఏర్పేడుకి మారిపోతావా? అక్క ఒక్క మాటన్నా అనలా! ఆ గడ్డి పెంచడానికి నీళ్ళు యాడివి?”

“గడ్డీ లేదు, గాడిదా లేదు. అది చెల్లెలి ఇల్లు.”

“చెల్లెలిదయితే నువ్వెందుకు పిలుస్తాండావు?”

పెద్దన్న కాల్ కట్ చేశాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. నేను చెప్పాలనుకుని వచ్చిన వాదమంతా నోట్లోనే ఉండిపోయింది. చెప్పే అవసరం వచ్చేట్టు లేదు.

“నిన్నటి నుంచి ఇదేరా” అన్నాడు. “ప్రతి ఒక్కడూ నాకే శుభాకాంక్షలు. నాది కాదంటే నమ్మరు. కాటా పట్టేవాడు కూడా స్వీట్లు అడిగినాడు. ఎవడూ చదవడేమిరా కింద?”

“కింద ఉండేది చదవరన్నా. అందుకే కింద పెట్టకూడదు.”

ఆయన మళ్ళీ ఫోన్ తీసుకుని తన వీడియో తానే పెట్టుకుని చూశాడు. మండీ రొదలో సన్నాయి వినబడలేదు. బొమ్మలు మాత్రం కదిలాయి.

“నా భయం ఏందో తెలుసా” అన్నాడు. “దాని పేరు ఒక్కటే ఉంటే, అన్నలు బతికే ఉండారా లేరా అంటారని. ఆడపిల్లని గాలికొదిలేసినారని అంటారని. నేను పెద్దోణ్ణి గదా.”

“అట్లంటే అన్నలు కనపడాల. యజమానిగా ఎందుకు కనపడాల?”

నేను పురోహితుడి సంగతి చెప్పాను. పెద్దన్న గట్టిగా నవ్వాడు. “ఆయన ఒప్పుకోడని నేనే అనుకున్నా. అడగలా” అన్నాడు. నా ముందే చెల్లెలికి ఫోన్ కలిపాడు.

“అమ్మీ, నాది తీసేస్తాండా గ్రూపులన్నిట్లోంచి. నీది బిన్నే చేయించు, ముహూర్తం దగ్గర పడతాంది. నువ్వే కూర్చో పూజలో. నన్ను యాడ పెడతావో పెట్టు.”

చెల్లెలు ఏమందో నాకు వినబడలేదు. ఆ ఒక్కసారి స్పీకర్ పెట్టడం మరిచిపోయాడు.

ఆ వారం చివర ముగ్గురం తిరుపతి దుకాణం మెట్లెక్కాం. మాటలు ఈసారి నేను రాయలేదు. చెల్లెలు చెప్పింది, నేను అదనపు మాటలు కొట్టేశాను, పెద్దన్న బాగుందో లేదో చెప్పాడు. అమ్మాయి గీసుకుంటూ పోయింది. చివరికి తేలిన స్క్రిప్టు ఇది.

మొదటి బొమ్మ: వాకిట్లో ముగ్గు తనంతట తాను పడుతుంది. అక్షరాలు: ‘మా ఇంటికి రండి.’

రెండో బొమ్మ: మిద్దె ఇల్లు, గేటు తెరుచుకుంటుంది. పలుపు పట్టుకుని ఒక స్త్రీ, వెనక ఆవూ దూడా. చీర కొంగు నడుముకు దోపి ఉంటుంది. అక్షరాలు: ‘నేను కట్టుకున్న ఇల్లు.’ కింద నా చెల్లెలి పేరు, ఒక్కటే.

మూడో బొమ్మ: పొయ్యి మీద పాలు పొంగుతాయి, పక్కన పీట మీద అమ్మ కూర్చుని చూస్తుంటుంది. అక్షరాలు: ‘మాఘమాసం, శుద్ధ దశమి, ఆదివారం. పాలు పొంగేది తెల్లవారుజామున.’ పైన ఇంగ్లీషు తేదీ పెద్దగా.

నాలుగో బొమ్మ: అరిటాకులు పరుచుకుంటాయి. ‘భోజనం మధ్యాహ్నం. తెల్లవారుజామున లేవలేనివాళ్ళు దీనికైనా రండి.’

ఐదో బొమ్మ: రోడ్డు వంపు తిరిగి ఇంటి దగ్గర ఆగుతుంది. ‘ఏర్పేడు, హైస్కూల్ వెనక వీధి. గేటు దగ్గర మా అన్నలిద్దరూ ఉంటారు.’

చివరి బొమ్మ: మిద్దె మీద పిల్లలు, దూరంగా ఆకాశంలో పైకి పోతున్న ఒక వెలుగు గీత. ‘శ్రీహరికోటలో రాకెట్ ఎగిరినప్పుడు మా మిద్దె మీంచి కనపడుతుంది. అప్పుడు కూడా రండి.’

గొంతు నా చెల్లెలిదే. దుకాణంలో దొరికే గంభీరమైన మగ గొంతు పెద్దన్నకు నచ్చలేదు. “ఎవడ్రా వీడు, మన ఇంటికి మనల్నే పిలుస్తాండాడు?” అన్నాడు. చెల్లెలు మొదట తరగతిలో పాఠం చెప్పినట్టు చదివింది. “మేడమ్, పిల్లలకి కాదు, చుట్టాలకి” అని అమ్మాయి మళ్ళీ మళ్ళీ చదివించింది.

పూర్తయ్యాక సౌండు తీసేసి పెట్టింది. కొంగు దోపిన స్త్రీ గేటు దాటి వచ్చింది. పలుపు ఆమె చేతిలో ఉంది. గడప ఆమె కాలి కింద ఉంది.

“ఇల్లు ఎవరిది సార్?” అని అమ్మాయి పెద్దన్నను అడిగింది.

“ఈమెది. కనపడతాంది గదమ్మా” అన్నాడాయన.

ముహూర్తం నాటి ఆదివారం నిజం ఆవు వచ్చింది. అది తెల్లావు కాదు, ఎర్రది. తల ఊపలేదు. గడప దగ్గర కాళ్ళు బిగపెట్టి నిలబడిపోయింది. చెల్లెలు ముందు నుంచి పలుపు లాగింది, పెద్దన్న వెనక నుంచి తోశాడు. మంత్రాల మీద నమ్మకం లేని నేను గేటు దగ్గర నిలబడి, వచ్చిన వాళ్ళందరికీ చెప్పులు ఎక్కడ వదలాలో చూపించాను. వచ్చిన ప్రతి ఒక్కరూ నన్ను దాటుకుని నేరుగా చెల్లెలి దగ్గరికే పోయారు. ఇల్లు ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి వీడియో ఒకటి తయారవుతుంటుంది, లేదా తయారవబోతుంది. అది బయటికి పోయే ముందు సౌండు తీసేసి ఒకసారి చూడండి. పలుపు ఎవరి చేతిలో ఉందో చూడండి. ఇల్లు కట్టిన మనిషి అందులో కనపడకపోతే పంపకండి. ఆ మనిషిని అడగండి, బొమ్మ మార్పించండి, అప్పుడు పంపండి.